సంధులు విడగొట్టను

పేపర్లు దిద్దే గదిలో ఆ ఉదయం ఇంకా ఒక్క మార్కూ పడలేదు. ముందు మేం ముగ్గురం కొన్ని పేపర్లు కలిసి చదివి, ఎలా దిద్దాలో ఒక మాట మీదికి రావాలి. హెడ్ ఎగ్జామినర్‌ని మేం చాటుగా స్కేలు మాస్టారనేవాళ్లం. నా పక్కాయన వ్యాకరణం. నాకేం పేరు పెట్టారో నా నోటికి జడిసి ఎవరూ చెప్పలేదు.

వ్యాసం మూడు వందల మాటల్లో రాయాలి, నలభై మార్కులు. ఇరవై ఎనిమిది దాటితేనే కాలేజీ సీటు. చేతిలో ఉన్న పేపర్లో నూట అరవై మాటలే ఉన్నాయి. ఎదురుచూపు గురించి రాయమంటే, ఆపరేషన్ గది బయట కూర్చుని బూటు లేసు పదే పదే విప్పి కట్టుకునే తండ్రి గురించి రాసింది ఆ అమ్మాయి. చదవగానే ముప్ఫై ఆరు వేశాను.

పరిమితికి మరీ తక్కువైనా, మరీ ఎక్కువైనా పది మార్కులు కోసేయమన్నారు మాస్టారు. అంటే ఇరవై ఆరు. సీటు గోవిందా.

అడిగినట్టు రాసినందుకు ఐదు మార్కులున్నాయి, ఆ ఐదూ తీసేయండి, అంతకు మించి ముట్టుకోవద్దన్నాను. విషయం చాలకపోతే విషయం మార్కుల్లోనే తగ్గుతుంది. ఇందులో చాలకపోయిందేమీ లేదు. ఒకే తప్పుకి రెండు దెబ్బలేమిటి?

వ్యాకరణం పాపం మంచివాడు. ఆ అమ్మాయి మాటలన్నీ సంధి చేసి కలిపేసిందనీ, విడగొట్టి లెక్కపెడితే రెండు వందల డెబ్భై వస్తాయనీ, అసలు కోతే అక్కర్లేదనీ అన్నాడు. మాస్టారు కూడా తేలిగ్గా తలూపారు.

నాకు ఒళ్లు మండింది. "సంధులు విడగొట్టి ఆ పిల్లని దొడ్డిదారిన తీసుకురాను. రేపు విడివిడిగానే నూట అరవై మాటలు రాసి ఇంతే బాగా ముగించినవాళ్ల గతేంటి?"

మాస్టారు ఇంకో పేపరు నా ముందుకు తోశారు. ఆరు వందల మాటలు. నిన్న నేనే మెచ్చుకుని తిరిగిన వ్యాసం. మొత్తం చదివితే ముప్ఫై ఏడు. "దీనికీ ఐదే తీద్దామా మేడమ్? మీకిష్టమైనవి రెండూ గట్టెక్కుతాయి."

వద్దన్నాను. మూడు వందల్లో ఇరికించడానికి కిందా మీదా పడి మంచి వాక్యాలు కొట్టేసుకున్న పిల్లలున్నారు. వాళ్లకి దొరకని చోటు దీనికెందుకు? పదో వంతు వెసులుబాటిచ్చి, మూడు వందల ముప్ఫయ్యో మాట దగ్గర ఎర్ర పెన్నుతో నేనే గీత గీశాను. అందమైన ముగింపంతా గీత కిందే ఉండిపోయింది. పైభాగానికి ఇరవై ఐదు. అదే వేశాను.

తర్వాత పొట్టి వ్యాసం మీద ముప్ఫై ఒకటి వేసి, కారణం రాసి, సంతకం పెట్టాను.

"పైవాళ్లు అడిగితే?" అన్నారు మాస్టారు.

"రెండు పేపర్లూ కలిపి పంపండి. గీత కూడా నాదే అని చెప్పండి."

ఆయన రెండు పేపర్లూ తన ముందుకి లాక్కున్నారు. తర్వాత నా పెన్నే అడిగి తీసుకుని, నా సంతకం కింద తనదీ పెట్టారు.