రెండు సంతకాల ఖాతా

సాతంరాయి మహిళా సంఘం సొంత లెక్కకూ, బ్యాంకు పాసుపుస్తకానికీ ఐదువందల అరవై ఏడు రూపాయల నలభై పైసలు తేడా వచ్చింది. 2013 డిసెంబరు సమావేశంలో ఆ సంగతి బయటపడగానే అందరి చూపులూ అధ్యక్షురాలు అనంతమ్మ మీద నిలిచాయి.

"పైసలకు కాళ్లొచ్చినయా అక్కా?" అంది కార్యదర్శి ముత్తమ్మ. "శుక్రవారం దాకా చూస్తం. లెక్క చెప్పకుంటే ఇగ పుస్తకాలు దుర్గవ్వకు ఇచ్చెయ్యి, సంఘం లెక్కలు ఆమె రాస్తది."

విమానాశ్రయంలో అద్దాలు తుడిచే పని ముగించుకొని వచ్చి, అయిదేళ్లుగా ఒక్క కొట్టివేత లేకుండా రాసిన పుస్తకాలవి. వాటిని దొంగ అన్న పేరుతో అప్పగించడం అనంతమ్మ వల్ల కాదు.

మర్నాడే శంషాబాద్ బ్యాంకుకు వెళ్లింది. అధికారి మాధవీలత ఏడాది స్టేట్‌మెంటు తీసిచ్చింది. అనంతమ్మ బల్లమీదే తన పుస్తకం తెరిచి, సరిపోయిన ప్రతి పద్దు పక్కనా పెన్సిలుతో గీత పెట్టింది. అయిదు పద్దులు మిగిలాయి.

"ఎస్సెమ్మెస్ సీహెచ్‌జీ. నాలుగుసార్లున్నది. గిదేంది మేడమ్?"

"మీ ఫోనుకు ఖాతా సందేశాలు పంపినందుకు ఛార్జీ అండి. మూడు నెలలకు పదిహేను, సేవా పన్నుతో కలిపి పదహారు ఎనభై అయిదు."

"అయ్యో! ఫోన్ల పాటలమ్మేటోళ్ల మెసేజులనుకొని చదవకుండనే తుడిచేస్తున్న."

నాలుగూ కలిపితే అరవై ఏడు నలభై. పంపారు కనుక అది న్యాయమే. గీత పెట్టింది.

"మరి గీ ఐఎన్ఎస్ పీఆర్ఈఎం, అయిదు వందలు?"

"ప్రమాద బీమా ప్రీమియం అండి. జూన్‌లో మీరే సంతకం చేశారు."

మాధవీలత ఫైలు తెచ్చి చూపింది. సంతకం అనంతమ్మదే. లోను రెన్యువల్ నాడు కాగితాల కట్ట ముందు పెట్టి, గుర్తులున్న చోటల్లా పెట్టమంటే చదవకుండా పెట్టిన సంతకం. ఆమె ముఖం వాడిపోయింది. కాగితాన్ని మళ్లీ పైనుంచి కిందికి చదివింది.

"ముత్తమ్మ సంతకమేది?"

మాధవీలత కాగితం తిప్పి వెనకవైపు చూసింది.

"ఈ ఖాతాల పైస కదలాలంటే ఇద్దరం పెట్టాలె, సంఘం తీర్మానం ఉండాలె. నేనొక్కదాన్నొచ్చి యాభై రూపాయలడిగితే ఇస్తరా?"

"ఇవ్వమండి."

"మరి ఒక్క సంతకానికి అయిదు వందలు ఎట్ల తీసిండ్రు?"

వెనక వరుసలో ఎవరో నవ్వారు. మాధవీలత ఆ కాగితంతో మేనేజరు గదిలోకి వెళ్లింది. అనంతమ్మ ఫిర్యాదు రాసి, నకలు మీద ముద్ర వేయించుకునే దాకా కదల్లేదు. గురువారం సాయంత్రానికి అయిదు వందలు ఖాతాలో తిరిగి జమ అయ్యాయి.

శుక్రవారం ఆమె ప్రతి పద్దునూ వేలుపెట్టి చూపి వివరించింది. పుస్తకం చేతులు మారుతూ చాప చుట్టూ తిరిగింది.

"నా సంతకం లేకుంటే బ్యాంకోళ్లే ఆగమైండ్రు చూడుండ్రి!" అంది ముత్తమ్మ గొంతు సవరించుకొని. "పుస్తకాలు నీ దగ్గరే ఉండనీ అక్కా."

"ఉంటయి," అంది అనంతమ్మ. "ముందు జరిమానా రాయి. తీర్మానం లేకుండ సంతకం పెట్టినందుకు, అనంతమ్మకు పది రూపాయలు."

ముత్తమ్మ వద్దని చేతులూపింది. అనంతమ్మ తల ఎత్తి, పది రూపాయల నోటు చాప మీద పెట్టింది.