నూట ఇరవై మంది ఎవరి మనుషులు

రొయ్యల ఫ్యాక్టరీలో సీనియర్ మేనేజర్ ఉద్యోగానికి వచ్చిన దరఖాస్తులు చూసే పని యమునది. వాటిలో అక్క మొగుడు జగన్నాధం దరఖాస్తూ ఉంది. ఇప్పుడు పనిచేస్తున్న వేరే ఫ్యాక్టరీలో తన కింద నూట ఇరవై మంది, చేతిలో రెండు కోట్ల బడ్జెట్ అని రాశాడు. అలా పెద్దగా రాయమని చెప్పింది యమునే. ఇప్పుడు దాన్ని సరిచూడాల్సిందీ తనే. ఫోను చేసింది.

"బావా, ఆ నూట ఇరవై మందినీ పనిలోకి తీసుకునేది నువ్వేనా?"

"నానెందుకు తీసుకుంతాను? ఆళ్లు మేస్త్రీ మనుషులు. నాకింద ఆరుగురే."

"ఐసు కొనాలంటే?"

"నాను అడుగుతాను. సంతకం ఓనరుదే. ఏటే, పోలీసులాగ అడుగుతన్నావు?"

"సరుకు పాడైతే పని జరిగే లైను ఆపేది నువ్వేనా?"

"ఓనర్నే అడగాల. నువ్వే కదే రాయమన్నావు! ఇక్కడ మానేస్తానని సెప్పేసినాను కూడాను."

ఈ ఉద్యోగంలో ఆ మూడూ ఎవరినీ అడగకుండా చేయాలి. తొలివారమే బావ తెల్లమొహం వేస్తాడు.

లేచి పెద్ద మేనేజరు గదికి వెళ్లింది.

"ఈయన సీనియర్‌కి చాలరు సార్. షిఫ్టు సూపర్‌వైజర్‌గా సరిపోతారు. మా బావ. ఆ అంకెలు నేనే రాయించాను."

బయటికొచ్చేసరికి అక్క దగ్గర్నుంచి ఫోను మోగుతోంది. ఎత్తడానికి చెయ్యి రాలేదు.