పెద్దకోడలి యాభై శాతం

పెద్దకోడలు లెక్కల టీచరు. బడిలో పిల్లలకు అన్ని శాతాలూ చెబుతుంది గాని ఇంట్లో ఆమె నోట వినిపించే శాతం ఒక్కటే, యాభై. ఐదేళ్ళుగా కారు బీమా మీద ఒక్క క్లెయిమూ పెట్టలేదు. అందుకని కారు డ్యామేజీకి కట్టే ప్రీమియంలో ఆమెకు సగం తగ్గింపు. దాన్నే నో క్లెయిమ్ బోనస్ అంటారు. నలుగురు కూర్చుంటే చాలు, ఆ యాభై ఊసు రావాల్సిందే. వచ్చే నెల పాత కారు అమ్మేసి కొత్తది కొంటోంది. బోనస్ కారుది కాదు, మనిషిది. కొత్త కారుకూ వెంట వస్తుంది. ఆ రోజు కోసమే దాన్ని నగలా దాచుకుంటూ వచ్చింది.

అలా ఉండగా చిన్నకోడలి కారు అద్దం పగిలింది. లారీ చక్రం కింద నుంచి ఎగిరిన రాయి తగిలి ముందు అద్దం ఈ మూల నుంచి ఆ మూలకు చీలింది. రెండు రోజుల్లో తళతళలాడే కొత్త అద్దంతో ఇంటికొచ్చి అందరి ముందూ చెప్పింది.

"కంపెనీయే వేయించింది. అద్దం పాతదైందని తరుగుదల కింద కూడా ఏమీ కోయరట. నా బోనసూ ఎక్కడికీ పోలేదు."

"మా చిన్నది గట్టిదే!" అంది అత్తగారు.

ఆ ఒక్క మాటకే పెద్దకోడలి కడుపు భగ్గుమంది. పాతికేళ్ళ కాపురంలో అత్తగారు తనను ఒక్కసారైనా గట్టిదన్నది లేదు. అందరూ లోపలికి వెళ్ళాక, ఆ అద్దం మీద ఒక్క గీతైనా దొరుకుతుందేమోనని కారు చుట్టూ రెండుసార్లు తిరిగింది. దొరకలేదు.

వారం తిరగకుండానే బడి దగ్గర కారు వెనక్కి తీస్తూ మూల స్తంభానికి కొట్టింది. వెనక బంపర్ చిట్లింది, పక్కనున్న టైరు కోసుకుపోయింది. నిజం చెప్పాలంటే, ఆమెకు బాధ కంటే ముందు సంతోషం కలిగింది.

గ్యారేజీ కౌంటరు దగ్గర కూర్చునే గుమాస్తా నెమ్మదస్తుడు. పాలసీ కాగితాలు తిప్పి, కళ్ళద్దాలు పైకి తోసుకున్నాడు.

"మేడమ్, నా మాట విని క్లెయిమ్ పెట్టకండి. బంపర్ ప్లాస్టిక్, దాని ఖరీదులో సగమే ఇస్తారు. టైరు ఒక్కటే పోయుంటే అసలు ఇవ్వరు. బండికీ దెబ్బ తగిలింది కాబట్టి ఇస్తారు, అదీ సగమే. పైన మొదటి వెయ్యి ఎలాగూ మీరే పెట్టుకోవాలి. అన్నీ పోగా ఏడు వేలు రావచ్చు. మీ యాభై మాత్రం సున్నా అయిపోతుంది."

"మా తోటికోడలికి పోలేదుగా?"

"బోనస్ కాపాడే యాడ్-ఆన్ విడిగా కొనుక్కున్నారేమో. మీ పాలసీలో అది లేదు. చిన్న క్లెయిమైనా, పెద్ద క్లెయిమైనా బోనస్‌కి ఒకటే. మళ్ళీ ఏడాదికో మెట్టు చొప్పున యాభైకి ఎక్కాలంటే ఐదేళ్ళు పడుతుంది."

లెక్కల టీచరుకు ఆ లెక్క అర్థం కాక కాదు. కానీ చెవిలో మోగుతున్నది లెక్క కాదు, అత్తగారి మాట. దానికి అద్దం వేయించినవాళ్ళు నాకు బంపర్ వేయించరా? ఈ గుమాస్తాకేం తెలుసు?

"ఎక్కడ సంతకం పెట్టాలో చెప్పండి," అంది.

బంపర్ మారింది, టైరు మారింది, ఏడు వేలూ వచ్చాయి. ఆ సాయంత్రం ఇంట్లో అందరూ వినేలా "నాకూ కంపెనీయే వేయించింది," అంది. అత్తగారు టీవీ చూస్తూ "ఊఁ" అంది. అంతే.

నెల తిరిగింది. షోరూమ్‌లో కొత్త కారు బీమా కాగితం చేతికిచ్చారు. బోనస్ గడిలో సున్నా. ఆ ఒక్క ఏడాదికే పన్నెండు వేలు అదనం. గుమాస్తా చెప్పింది అక్షరాలా నిజమైంది. ఆమె తిన్నగా ఇంటికొచ్చి చిన్నకోడలి గదిలోకి వెళ్ళింది.

"నీకెందుకు పోలేదే బోనసు? ఆ యాడ్-ఆన్ కొన్నావా?"

చిన్నకోడలు తలొంచుకుంది. బీరువా సొరుగులోంచి గ్యారేజీ రసీదు తీసి ఇచ్చింది. అద్దం ఖరీదు, కూలీ, మొత్తం ఆమె పేరు మీదే కట్టినట్టుంది.

"యాడ్-ఆన్ లేదు, ఏమీ లేదక్కా. క్లెయిమే పెట్టలేదు. నా జీతంలోంచే కట్టుకున్నా."

"మరి ఆ అబద్ధం ఎందుకు చెప్పావు?"

"రోజూ యాభై, యాభై అంటూ నువ్వు నా పాతిక శాతాన్ని చిన్నబుచ్చుతుంటే ఏం చెప్పను? నీ యాభై చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఎలాగైనా నేనూ అక్కడికి ఎక్కాలని పట్టుపట్టా. అద్దానికి చేతిడబ్బు పెట్టుకున్నానంటే నవ్వుతావనిపించింది." గొంతు తగ్గించి మళ్ళీ అంది. "ఈ రెన్యువల్‌కి నాకు ముప్పై అయిదు వచ్చిందక్కా."

పెద్దకోడలు రసీదు మడిచి ఇచ్చేసింది. మోసపోయానని ఏడవాలి, లేదా దాని కష్టం తెలిసినందుకు దగ్గరకు తీసుకోవాలి. రెండూ చేతకాలేదు. గుమ్మం దాటుతున్నప్పుడు కూడా, తన సున్నా కంటే దాని ముప్పై అయిదే ఆమెను ఎక్కువగా కాల్చింది.