నెర్రెల పలక

ఆరోగ్యం తన ఇంటి గోడనుంచి ఊడదీసి తెచ్చిన గులాబీ పువ్వుల పింగాణీ పలకను సరళ మేడమ్ వెనక్కి తిప్పింది. ఆమె ఖమ్మం మనిషి. పాత చర్చిల నేలలు, గోడలు మరమ్మతు చేయించే ఇంజినీరు. పలక వయసు చెప్పమని ఆరోగ్యం ఇంటికి పిలిపించాడు. దుమ్ముగూడెం దగ్గర అడవంచున ఉన్న ఆ ఇల్లు దక్కాలంటే, అడవి భూముల చట్టం ప్రకారం 2005కు డెబ్బై ఐదేళ్ల ముందునుంచే, అంటే 1930 నాటికే, ఆ కుటుంబం అక్కడ ఉందని భద్రాచలం ఆఫీసులో రుజువు చూపాలి. తాత కట్టిన ఇంటి వరండా గోడమీది పలకలు తప్ప వాళ్ల దగ్గర మరేమీ లేదు.

"ఇది పనికిరాదు అన్నా," అంది సరళ. "'మేడ్ ఇన్ ఆక్యుపైడ్ జపాన్' అనుంది. రెండో ప్రపంచ యుద్ధంల ఓడిన జపాన్‌ను అమెరికా ఏలిన కొన్నేండ్లే గిట్ల రాసిండ్రు, 1945 తర్వాత."

"అన్నిట్లకన్న ఎక్కువ నెర్రెలున్నదే ఏరి తెచ్చిన గద మేడమ్!"

"నెర్రెలు చూసి వయసు చెప్పలేం. తడి తగిలితే కొత్తదైనా నెర్రెలు బారుతది. గిది గోడ అడుగు వరుసదేనా?"

అవునన్నాడు. మంచంమీద కూర్చున్న ఆరోగ్యం తల్లి విశ్రాంతమ్మ అందుకుంది. "గోదారి వరదకు కింది వరుస ఊడిపోతే, మీ నాయిన గసొంటి పువ్వులవే వెతికి తెచ్చి పెట్టిండు కొడుకా. పై వరుసలవి మీ తాత పెట్టినయి."

"అట్లయితే పై వరుసలవి ఇంగ్లండ్‌వి కావచ్చు. జపానోళ్లు గా పువ్వులే కాపీ కొట్టిండ్రు," అంది సరళ. "వెనక డిజైన్ నంబరుంటే ఆ డిజైన్ ఏ ఏడాదిల రిజిస్టరైందో తెలుస్తది. అవి ఏవీ?"

ఆరోగ్యం శ్మశానం వైపు చెయ్యి చూపించాడు. నున్నగా మెరుస్తున్నాయని, ఆఫీసర్లు కొత్తవనుకుంటారని పై వరుసలన్నీ ఊడబెరికింది అతనే. పారేయడానికి మనసొప్పక, సమాధుల పండుగకు నాయిన సమాధిమీద సిమెంటు వేసి పరిచాడు. తెలివైన పని చేశాననుకున్నాడు పాపం!

ముగ్గురూ శ్మశానానికి నడిచారు. ఉలి పెట్టి ఆరోగ్యం అంచు పలకను కొట్టాడు. పలక ముక్కలైపోయింది. సిమెంటులో మాత్రం పలక వెనకున్న ఉబ్బెత్తు అక్షరాల అచ్చు తిరగేసి పడి ఉంది. సరళ చేతి అద్దం పట్టుకుని చదివింది. ఇంగ్లండ్. కింద నంబరు సగమే ఉంది, మిగతా సగం చెదిరిపోయింది.

"ఇది చాలదు అన్నా. పూర్తి నంబరు కావాలె."

మిగిలిన పలకలు సమాధిమీద నాయిన పేరు చుట్టూ ఉన్నాయి, కొడితే పేరూ పగలొచ్చు. ఆరోగ్యం సుత్తి కింద పెట్టేశాడు. "నావల్ల కాదమ్మా. ఇల్లు పోతే పోనీ."

"ఇల్లు పోతే నేనెక్కడ పడుకుంటరా?" అంది విశ్రాంతమ్మ. ఏడుస్తూనే సమాధి పక్కన చతికిలబడింది. సుత్తి అందుకుని, భర్త పేరుకు ఆనుకున్న పలకమీద తనే ఉలి పెట్టింది.