రాతి తలుపు దగ్గర

చెక్క బల్ల మీద పాచిక దొర్లుతుంది.

ఎండుటాకుల మీద తొలి చినుకులు పడ్డట్టు... టక, టకటక, టక. తర్వాత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో బిగబట్టిన నాలుగు ఊపిర్లు.

ఆ చప్పుడు కోసమే ఆమె వారమంతా ఎదురుచూసేది.

మిగతా రోజులన్నీ మందుల షాపు. చీటీ చూడు, మాత్రలు తియ్యి, పొద్దున ఒకటి రాత్రి ఒకటి అని కవరు మీద రాయి. ఇంటికొస్తే అందరూ ఏదో ఒకటి పురమాయించేవాళ్ళే. "ఏం చేస్తావు?" అని ఎవరైనా అడిగారంటే అది కూర గురించే.

ఆదివారం మధ్యాహ్నం మాత్రం ఒక మనిషి అడిగేవాడు. అట్టతో చేసిన తెర వెనక నుంచి, కళ్ళు కొంచెం చికిలించి —

"తలుపు నిండా నాచు. కాళ్ళ కింద నీళ్ళు. ఏం చేస్తావు?"

అతన్ని అందరూ మాస్టారు అనేవారు. బడిలో మాస్టారు కాదు, ఆటలో. డంజన్ మాస్టర్, అంటే కథ చెప్తూ ఆట నడిపేవాడు. మామూలు రోజుల్లో వంతెనల లెక్కలు చూసే ఇంజినీరు. ఆదివారం వస్తే అడవి అతనే, కోట అతనే, దయ్యమూ అతనే, సంతలో బేరమాడే ముసలమ్మా అతనే.

మిగతా ముగ్గురికీ ఆ కథలో తలా ఒక మనిషి. ఆమె తమ్ముడిది గొడ్డలి వీరుడు. పళ్ళ డాక్టరుది మంత్రగాడు — డ్రాగన్ నోరు తెరిస్తే నిప్పు సంగతి మరిచి పుచ్చుపళ్ళు వెతికే మంత్రగాడు.

ఆమెది దొంగపిల్ల.

నోటితో ఆడే ఆట. ఏం చేస్తామో చెప్పాలి. అది అవుతుందో లేదో తేలనప్పుడు ఇరవై ముఖాల పాచిక వెయ్యాలి. పడ్డ అంకెకి మన మనిషి నేర్పు కలపాలి. ఎంత కావాలో మాస్టారికి తెలుసు. తెర ఇవతలి వాళ్ళకి తెలియదు. అందితే జరిగినట్టు. అందకపోతే... అప్పుడు కూడా కథే, ఇంకో దారిన.

మొదటి రోజే చెప్పాడు.

"లోకమంతా నాది. వాన నాది, రాక్షసులు నావాళ్ళు. మీ మనిషి మాత్రం మీది. ఏం చేస్తారని అడుగుతాను. ఏం చేశారో మాత్రం చచ్చినా నేను చెప్పను."

అన్నాడు. ఏళ్ళ తరబడి ఆ మాట మీదే నిలబడ్డాడు.

ఆ మొదటి రోజే ఆమె దొంగపిల్లకి ఒక గతం కల్పించింది. వరదలో కొట్టుకుపోయిన చెల్లెలు. ఎక్కడో ఉందని నమ్మకం. ఊరికే అన్న మాట అది. మాస్టారు దాన్ని విత్తనంలా దాచుకున్నాడు. ఒక సంతలో చెల్లెలి కాలిపట్టీ దొరికింది. ఒక సత్రంలో ఆ చెల్లెలు పాడే పాట వినిపించింది. అలా అలా, నది వెంట, నది వెంట —

పోయిన ఆదివారం నది అడుగున ఉన్న కోటకి చేరారు.

రాతి తలుపు. తలుపు అవతల చెల్లెలి గొంతు.

నీళ్ళు నడుము దాకా వచ్చాయి. గొడ్డలి వీరుడి ప్రాణం ఒక్క దెబ్బకి సరిపడా మిగిలింది. మంత్రగాడి దగ్గర ఒకే ఒక్క మంత్రం. తలుపు తెరిస్తే అవతల ఉన్న నీళ్ళు ముగ్గురినీ ముంచినా ముంచవచ్చు. తెరవకపోతే చెల్లెలు...

"ఏం చేస్తావు?"

"తాళం తీస్తాను," అంది. పాచిక పిడికిట్లోకి తీసుకుంది.

మాస్టారు తెర మడిచాడు.

"ఇక్కడ ఆపుదాం. వచ్చే ఆదివారం వేద్దువుగాని."

"ఇదేం అన్యాయం మాస్టారూ!" అని పళ్ళ డాక్టరు బల్ల గుద్దాడు. అందరూ నవ్వారు. ఆమె అందరికంటే గట్టిగా నవ్వింది.

వారమంతా నీళ్ళ చప్పుడు. మాత్రలు తీస్తున్నా నీళ్ళ చప్పుడే.

ఆదివారం వచ్చింది. బల్ల తుడిచింది. నాలుగు కుర్చీలు వేసింది. బిస్కెట్లు పళ్ళెంలో సర్దుతుండగా ఫోన్ మోగింది. గ్రూపులో మాస్టారి మెసేజ్. పొడుగ్గా, నాలుగైదు సార్లు వేలితో పైకి జరపాల్సినంత.

*నా ప్రాణ స్నేహితులకి. ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం లేక రాస్తున్నాను. విదేశంలో ఉద్యోగం వచ్చింది. మీరిది చదివేసరికి నేను విమానాశ్రయంలో ఉంటాను. మీకు పగలైతే నాకు రాత్రి, ఫోన్‌లో ఆడుకోవడం కుదరదు. మీ ఆదివారాలన్నీ నాకిచ్చారు. పెద్దవాళ్ళమై కూడా సిగ్గుపడకుండా ఆడుకోవచ్చని నేర్పారు. డాక్టరుగారి నవ్వు, తమ్ముడి తొందరపాటు, అక్క మౌనం, ఇవే నా సామాను...*

కళ్ళు తడిశాయి. నిజంగానే తడిశాయి.

*కథ మధ్యలో వదిలేసి పోయేవాణ్ణి కాకూడదు. అందుకే ముగింపు రాశాను.*

అక్కడ ఆమె వేలు ఆగింది.

*దొంగపిల్ల రాతి తలుపు మీద అరచేయి ఆనించింది. అవతలి గొంతు విన్నది. కొన్ని తలుపులు తెరవకూడదని ఆమెకి తెలిసింది. చెల్లెలికి వీడ్కోలు చెప్పి, స్నేహితుల చేతులు పట్టుకుని, వెలుగులోకి నడిచింది.*

మళ్ళీ చదివింది.

తెలిసింది. చెప్పి. నడిచింది.

ఎవరు నడిచారు?

ఎంత అందంగా రాశాడో. ఎంత ప్రేమగా, మెత్తగా ఆమె చేతిలోంచి ఆ పిల్లను లాగేసుకున్నాడో.

తలుపు చప్పుడైంది. తమ్ముడు. చంకలో మడిచిన అట్ట తెర.

"చదివావా అక్కా?"

ఆమె తెర వంక చూసింది.

"నీకెప్పుడిచ్చాడు?"

"నిన్న." తమ్ముడు చెప్పులు విప్పడంలో మునిగిపోయాడు. "నాకూ డాక్టరుకీ పోయిన నెలే చెప్పాడులే. నీకు చెప్పొద్దన్నాడు."

"ఎందుకట?"

"నువ్వు ప్రశ్నలు వేస్తావని."

పోయిన నెల. అంటే తెర మడిచిన ఆ ఆదివారం అతనికి తెలుసు. వచ్చే ఆదివారం లేదని తెలుసు. బల్ల గుద్దిన డాక్టరుకీ తెలుసు. అందరూ నవ్వారు. ఆమె ఒక్కతే నిజంగా నవ్వింది.

"ముఖం అలా పెట్టకే. ఎంతైనా ఆటేగా," అన్నాడు తమ్ముడు.

"ఆటే. మాట తప్పకూడని చోటు అదొక్కటేరా నాకు."

తమ్ముడు తెర విప్పి బల్ల మీద నిలబెట్టాడు. దాని వెనక కూర్చుని గొంతు సవరించుకున్నాడు, అచ్చం మాస్టారిలాగే.

"సరే, నేను నడుపుతాను. వెయ్యి. పదిహేను దాటితే తెరుచుకున్నట్టు."

"పదిహేనని నీకెవరు చెప్పారు?"

"అనుకుందాం."

"నా మీద జాలితో తెరుచుకునే తలుపు నాకొద్దు."

తెర వెనక తమ్ముడు చిన్నవాడైపోయాడు. మెల్లిగా లేచి, ఒక బిస్కెట్ తీసుకుని, తినకుండా చేతిలో పట్టుకుని వరండాలోకి వెళ్ళాడు.

నాలుగు కుర్చీలు. ఒక తెర. తెర వెనక ఎవరూ లేరు.

ఆమె పాచిక తీసుకుంది. వారంగా వేయని పాచిక. చల్లగా ఉంది, నదిలోంచి తీసిన గులకరాయిలా.

*ఏం చేస్తావు?*

వేసింది.

టక, టకటక... దొర్లి, తెర అంచుకి తగిలి, ఆగింది.

పద్నాలుగు.

దొంగపిల్ల నేర్పు ఏడు. మొత్తం ఇరవై ఒకటి.

ఫోన్ తీసుకుంది. ఆ పొడుగు మెసేజ్ కింద తమ్ముడు పెట్టిన దండం బొమ్మ, డాక్టరు పెట్టిన ఎర్ర గుండె. వాటి కింద ఆమె రాసింది.

*నా పిల్ల వెనక్కి నడవలేదు మాస్టారూ. ఇంకా నీళ్ళలోనే ఉంది. ఇరవై ఒకటి పడింది. తలుపు తెరుచుకుందా?*

రెండు టిక్కులు. కాసేపటికి నీలంగా మారాయి.

చూశాడు.

ఆమె ఎదురుచూసింది. నీళ్ళు నడుము దాకా. అవతల ఒక గొంతు, ఇంకా పిలుస్తూ.

ఫోన్ పలకలేదు.

బయట, వరండా రేకు మీద చినుకు... టక.

మళ్ళీ టక, టకటక —

ఎవరో పాచిక వేసినట్టు.