లిల్లీ కాడల మీద గులాబీలు

ముఖచిత్రంలోని పూలు మార్చమని ఎడిటర్ శుక్రవారం పొద్దున్న చెప్పాడు. పత్రికాఫీసులో ఫొటోలు దిద్దే రీటచర్‌కి అది సగం రోజు పని. చిక్కల్లా ఒక్కటే. ఆ లిల్లీ పూలు అమర్చింది అతని భార్య.

పదకొండేళ్లుగా ఆమె హోటళ్లకీ పెళ్లి హాళ్లకీ పూలు అమరుస్తోంది. ఎక్కడా ఆమె పేరు పడలేదు. మొదటిసారి గృహాలంకరణ ప్రత్యేక సంచికలో, ముఖచిత్రం కింద పడబోతోంది. తెలిసినవాళ్లందరికీ చెప్పుకుంది కూడా.

"మా మరదలు పూలకొట్టు తెరిచిందయ్యా. ఇంట్లో నా ప్రాణం తోడేస్తున్నారు," అన్నాడు ఎడిటర్, ఫోన్‌లో గులాబీల బొకే ఫొటో చూపిస్తూ. "ఈ పూలు పెట్టు. గాజు వాజూ నీళ్లూ మాత్రం కదపకు. ఆ నీళ్లు చూస్తేనే ప్రాణం లేచొస్తోంది."

"పేరు సార్?"

"పూలు ఎవరివైతే పేరు వాళ్లదే కదా. మీ ఆవిడకేం, ఇంకోసారి వేద్దాం."

రీటచర్ తలూపాడు. తలూపడం అతనికి బాగా వచ్చు.

పని మొదలుపెట్టాడు. వాజు మీద వెలుగు ఎడమవైపు కిటికీ నుంచి పడుతోంది, బొకే మీద కుడివైపు నుంచి. లిల్లీ పూలు చెరిపి, బొకేని అద్దంలో చూసినట్టు తిప్పి ఆ చోట పెట్టాడు. వెలుగు కలిసింది. లిల్లీల తెలుపు నున్నటి బల్ల మీద ప్రతిఫలిస్తుంటే, అక్కడ గులాబీల ఛాయ అద్దాడు. వాజు అంచు మీది తళుకుల్ని విడిగా తీసి అన్నిటికంటే పైన పరిచాడు. కాడలు గాజు లోపలున్నట్టే కనిపించాయి.

ఆదివారం పొద్దున్న ఇంట్లో లాప్‌టాప్ తెరిచి భార్య ముందు పెట్టాడు. నోటితో చెప్పే ధైర్యం లేక.

ఆమె తెరని పైనుంచి కిందిదాకా చూసింది.

"ఎవరివి?"

"ఎడిటర్ మరదలివి."

"పేరు?"

అతను తెర వెలుగు కాస్త పెంచాడు.

"ఎప్పుడు తెలిసింది మీకు?"

"శుక్రవారం. చెబుదామనే..."

"నిన్న మా అక్కకి ఫోన్ చేసి గంటసేపు డప్పు కొట్టుకున్నాను. పక్కనే కూర్చుని వేరుశనగలు తిన్నారు." ఆమె తెర దగ్గరికి వంగింది. "సరే. ఈ పూలకి కాడలేవీ?"

"ఉన్నాయిగా."

"ఇవి లిల్లీ కాడలు. నావి. లావుగా, నున్నగా ఉన్నాయి, ఆకులు గిల్లిన గుర్తులు కూడా కనిపిస్తున్నాయి. గులాబీ కాడ ఇంత నున్నగా ఉంటుందా? పైన ఇరవై పూలు, కింద ఐదు కాడలు. మిగతా పదిహేనూ గాల్లో తేలుతున్నాయా?"

అతను తెర మీద కాడల్ని పెద్దవి చేసి చూశాడు. బొకే ఫొటోలో కాడలన్నీ కాగితంలో చుట్టి ఉన్నాయి. నీళ్లు కదపొద్దన్నారు కాబట్టి, నీళ్లలో ఉన్నవాటిని అతను అలాగే వదిలేశాడు.

"రేపు ప్రెస్‌కి వెళ్లిపోతోంది. పూలవాళ్లు చదివే పత్రిక. నవ్వుల పాలవుతాను."

"నవ్వనివ్వండి. ఆ కాడలే మిగిలాయి నావి."

"నా ఉద్యోగమే పోతుంది."

ఆమె అతనివైపు చూసింది. అతను బొకే ఫొటో వైపు చూస్తున్నాడు. తర్వాత ఆమె లేచి చెప్పులేసుకుంది.

ఇరవై గులాబీలతో తిరిగొచ్చింది. ముళ్లు గీకి, కింది ఆకులు దూసి, కాడల చివర్లు ఏటవాలుగా కోసింది. ముఖచిత్రం తీశాక ఆఫీసు నుంచి తెచ్చుకున్న తన వాజులోనే, నీళ్లు అదే ఎత్తుకి పోసి, కాడలన్నీ ఒకే వైపు వాలుగా మెలితిరిగేలా పేర్చింది. వంటింటి కిటికీ ఎడమవైపు వచ్చేలా బల్ల జరిపింది.

"కెమెరా ఇంకా కిందకి. నీటి గీత దగ్గర కాడలు విరిగినట్టు కనిపించాలి. నీళ్లలో కాస్త లావెక్కాలి. పైదీ కిందదీ ఒకే గీతలో కలిపారో, ఇట్టే పట్టేస్తారు."

అతను ఫొటో తీశాడు. అందులోంచి కాడల్ని మాత్రం కత్తిరించి, పాత చిత్రంలో లిల్లీ కాడలు చెరిపి ఆ చోట దించాడు. పాత నీళ్లు, పాత గాజు మెరుపు అలాగే ఉన్నాయి. ఆమె కుర్చీ వెనక నిలబడి, ఎక్కడ ఏ కాడ నీటి గీత దాటాలో వేలితో చూపించింది. చివరి లిల్లీ కాడ చెరిపేటప్పుడు ఒక్క క్షణం ఆగి వెనక్కి చూశాడు.

"కానివ్వండి," అంది.

మంగళవారం సాయంత్రం అతను హుషారుగా ఇల్లు చేరాడు.

"ఎడిటర్ ఏమన్నాడో తెలుసా? పూల సంగతి సరే, ఆ కాడలు చూడవయ్యా అన్నాడు. ఆఫీసంతా తిప్పి చూపించాడు. వాళ్ల మరదలు కూడా అడిగిందట, నీళ్లలో అంత బాగా ఎవరు పేర్చారని."

"మీరేం చెప్పారు?"

అతను వంగి బూట్ల లేసులు విప్పాడు.

"కంప్యూటర్‌లో చేశానన్నాను."

ఆమె అన్నం వడ్డించడానికి లోపలికి వెళ్లింది. ఒక్క కంచమే పెట్టింది, తనకి.