ప్రయాణం కొట్టేసిన ఉత్తరం

పొద్దున్న పదింటికి ఆఫీసులో ఉన్న ఆమెకి పెద్దమ్మ ఫోన్ చేసింది. తల్లి పోయినప్పుడు తొమ్మిదేళ్ళ పిల్లగా ఉన్న ఆమెను తెచ్చుకుని, కడుపున పుట్టినదానికన్నా ఎక్కువగా పెంచిన పెద్దమ్మ. ఇప్పుడు ఊరికి అటు చివర ఒక్కతే ఉంటోంది. ఎంత పిలిచినా రాదు.

"ఏమే, మీ ఆఫీసువాళ్ళు ఎక్కడికో ప్రయాణం పెట్టారట కదా! నేను రాలేనని చెప్పవే. ఈ మోకాళ్ళతో బస్సెక్కడం నా వల్ల కాదు."

"ప్రయాణమేంటి పెద్దమ్మా?"

"నువ్వు రాసిందేగా! ఉండు, చదువుతా. 'మీ భద్రతా ప్రయాణంలో సరికొత్త అధ్యాయం. మాతో కలిసి తొలి అడుగు వేయండి.' భలే రాశావు. ఎప్పుడు బయల్దేరతారో రాయడం మాత్రం మర్చిపోయావు."

ఆమె ముందు పకపకా నవ్వింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఆ ఉత్తరం ఎందుకు రాసిందో గుర్తొచ్చింది మరి!

ఆమె పనిచేసే కంపెనీ మెడలో వేసుకునే బటన్లు అమ్ముతుంది. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళు ఇంట్లో కిందపడితే బటన్ నొక్కుతారు, కంపెనీ కాల్ రూమ్‌లో ఫోన్ మోగుతుంది, ఆ బటన్‌లోంచే మాట్లాడి ఇంటికి మనిషినో అంబులెన్సునో పంపుతారు. పాత బటన్లు పాత ఫోన్ నెట్‌వర్క్ మీద నడుస్తాయి. ఆ నెట్‌వర్క్‌ను నెలాఖరుకి పూర్తిగా ఆపేస్తున్నారు. ఆపేశాక పాత బటన్ మెడలో ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. కంపెనీ కొత్త బటన్ తయారు చేసింది. పాతది ఇచ్చి కొత్తది తీసుకోండని చెప్పడానికే ఈమెయిల్లో పంపే ఆ ఉత్తరాలు. ఇప్పటికి రెండు వెళ్ళాయి. రెండూ ఆమె రాసినవే. పాత బటన్లు వేసుకున్నవాళ్ళు నాలుగువేల తొమ్మిదివందల మంది ఉంటే, మార్చుకున్నవాళ్ళు రెండువందల పదకొండు. నెలాఖరుకి ఇంకా తొమ్మిది రోజులున్నాయి.

"పెద్దమ్మా, నీ బటన్ మార్చుకోవాలని అర్థం కాలేదా అందులో?"

"బటనా? బటన్ మాటే లేదే అందులో!"

ఫోన్ పెట్టేసి ఉత్తరం తెరిచి చూసింది. నిజమే. బటన్ మాటే లేదు. 'పరిష్కారం' ఉంది, 'నిశ్చింతకు వారధి' ఉంది, 'గేమ్ ఛేంజర్' రెండుసార్లు ఉంది. ఆఫీసులో అందరూ ఆమెను ముద్దుగా కవయిత్రి అంటారు. అంటుంటే ఇన్నాళ్ళూ మురిసిపోయింది కూడాను! సాయంత్రం నాలుగింటికి వెళ్ళాల్సిన మూడో ఉత్తరం కూడా తయారుగా ఉంది. దాంట్లో ప్రయాణాన్ని కొట్టేసింది. అధ్యాయాన్ని కొట్టేసింది. వారధి, తొలి అడుగు, గేమ్ ఛేంజర్, అన్నీ కొట్టుకుంటూ పోతే చివరికి మిగిలినవి రెండే. పైన 'నమస్కారం', కింద 'ధన్యవాదాలు'. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

పది నిమిషాల్లో కొత్తది రాసేసింది.

'ఈ నెల ముప్పయ్యో తేదీ తర్వాత మీ మెడలోని పాత బటన్ పనిచేయదు. నొక్కినా మాకు ఫోన్ రాదు. కొత్త బటన్ ఉచితం. బటన్ వెనకాల ఉన్న నంబరుకి ఫోన్ చేస్తే మా మనిషి ఇంటికి తెచ్చి మార్చి వెళ్తాడు.'

ఉత్తరానికి పైన కనిపించే శీర్షికగా కూడా ఆ మొదటి వాక్యమే పెట్టి మేనేజర్‌కి చూపించింది.

ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, "అమ్మా కవయిత్రీ, ఇది ప్రకటనా, చావు కబురా?" అన్నాడు.

"ఉన్న మాటే కదండీ."

"ఉన్న మాటే. కానీ 'పనిచేయదు' అని సొంత సరుకు గురించి రాసుకున్న కంపెనీని పాతికేళ్ళలో నేను చూడలేదు. ఇది చదివి బెంబేలెత్తి వేరే కంపెనీకి పోతారు. అప్పుడు పైవాళ్ళకి జవాబు చెప్పేది నువ్వా, నేనా?"

ఆయన దుర్మార్గుడేమీ కాదు. ఇద్దరు పిల్లలు కాలేజీలో ఉన్న, పైవాళ్ళంటే జంకే మనిషి, అంతే. ఆమె బతిమాలింది, వాదించింది, మళ్ళీ బతిమాలింది. చివరికి ఆయన, "సరే, పరీక్ష పెడదాం. నాలుగువందల మందికి పాత పద్ధతి ఉత్తరం, ఇంకో నాలుగువందల మందికి నీది. ఏది గెలిస్తే అది నాలుగింటికి మిగతా అందరికీ పోతుంది. నీది ఓడిందా, ఇంక ఈ ఊసెత్తకు" అన్నాడు. ఒకటిన్నరకి రెండూ వెళ్ళాయి.

మూడు దాకా ఆమె కుర్చీలో ముళ్ళ మీద కూర్చున్నట్టే కూర్చుంది. మూడుంబావుకి కాల్ రూమ్ సూపర్‌వైజర్ అక్క మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చింది.

"ఏం చేశావే తల్లీ? ఫోన్లు ఊపిరి సలపనివ్వట్లేదు! 'బటన్ పనిచేయదట కదా, ఎప్పుడొచ్చి మారుస్తారు' అని ఒకటే గోల. తొంభై ఆరు మంది ఇప్పటికి!"

"పాత పద్ధతి ఉత్తరం చూసి ఎవరైనా చేశారా అక్కా?"

"ముగ్గురు. అందులో ఒకాయన నా పేరు జాబితాలోంచి తీసెయ్యండి అన్నాడు."

నెత్తిన పాలు పోసినట్టయింది ఆమెకి. ఎగురుకుంటూ వెళ్ళి ఉత్తరాలు పంపే సాఫ్ట్‌వేర్ తెరిచి చూసింది. తెర మీద ఇలా ఉంది: 'గెలిచినది: మొదటి ఉత్తరం. సాయంత్రం 4:00కి మిగతావారికి పంపబడుతుంది.'

మొదటిదంటే ప్రయాణం! ఇదేం తీర్పు? కిందికి జరిపి చూస్తే తెలిసింది. ఆ సాఫ్ట్‌వేర్ గెలుపును లెక్కగట్టేది ఎంతమంది ఉత్తరం తెరిచారన్న దాన్నిబట్టి. ఎవరూ మార్చకపోతే అదే కొలత ఉంటుంది. ప్రయాణాన్ని నూటపద్దెనిమిది మంది తెరిచారు. ఆమె ఉత్తరాన్ని తెరిచింది తొంభై ఒక్కమందే. ఎందుకు తెరుస్తారు? చెప్పాల్సింది శీర్షికలోనే ఉంటే, అది చూసి ఉత్తరం మాట వదిలేసి నేరుగా ఫోన్ అందుకున్నవాళ్ళే ఎక్కువ. చెప్పిన మాట చేరింది కాబట్టే ఓడిపోయింది! ఇంతకన్నా విడ్డూరం ఉంటుందా?

టైము మూడూ నలభై ఎనిమిది. పంపడం ఆపే అధికారం మేనేజర్ ఒక్కడిదే. ఆయన పైవాళ్ళతో మీటింగ్‌లో ఉన్నాడు, అరగంటగా చేస్తున్నా ఫోన్ ఎత్తడం లేదు. ఆమె తలుపు తట్టలేదు, తోసుకుని వెళ్ళిపోయింది. బల్ల చుట్టూ ఉన్న ఆరుగురూ తలెత్తి చూశారు.

"సార్, నాలుగింటికి తప్పుడు ఉత్తరం పోతోంది. ఆపండి."

మేనేజర్ ముఖం జేవురించింది. "పరీక్ష నువ్వే అడిగావు. ఓడిపోయావు. బయటికి నడు, తర్వాత మాట్లాడదాం."

"తర్వాత ఉండదు సార్. తెరిచినవాళ్ళని లెక్కపెట్టారు, ఫోన్ చేసినవాళ్ళని కాదు. తొంభై ఆరుకి మూడు!"

"మూడా?" అన్నాడాయన. గొంతులో బింకం కాస్త సడలింది కానీ, పైవాళ్ళ ముందు వెనక్కి తగ్గడం ఎలాగో తెలియక పెన్ను తిప్పుతూ కూర్చున్నాడు. గోడ గడియారం నాలుగుకి ఏడు తక్కువ చూపిస్తోంది. ఇంత నిదానంగా పెన్ను తిప్పే మనిషిని చూస్తే ఎవరికి మాత్రం ఒళ్ళు మండదు?

అప్పుడే సూపర్‌వైజర్ అక్క గుమ్మంలోకి వచ్చింది. ఇందాకటి ఆయాసం లేదు, ముఖాన నెత్తురు చుక్క లేదు.

"సార్, ఒక మాస్టారుగారు ఫోన్ చేశారు. ఈ అమ్మాయి ఉత్తరం చూసి, ఎందుకైనా మంచిదని ఇప్పుడే బటన్ నొక్కి చూశారట. మనకి రాలేదు. ఇంకో ఇద్దరి చేత నొక్కించాను. అవీ రాలేదు. వాళ్ళందరిదీ ఒకటే పేట."

"ముప్పై దాకా టైముందిగా?"

"పూర్తిగా ఆపేది ముప్పైకి సార్. పేట తర్వాత పేట ఇప్పటికే ఆపుకుంటూ వస్తున్నారట, నెట్‌వర్క్‌వాళ్ళకి ఫోన్ చేస్తే ఇప్పుడు చెప్పారు. బటన్లు రోజుకొకసారి వాటంతటవే మనకి సంకేతం పంపుతాయి కదా, పదిరోజులుగా మూడొందల పైచిలుకు పంపట్లేదు. చార్జింగ్ పెట్టడం మర్చిపోయారనుకున్నాం."

మేనేజర్ లాప్‌టాప్ ముందుకు లాక్కున్నాడు. కంగారులో పాస్‌వర్డ్ ఒకసారి తప్పు కొట్టాడు. రెండోసారి లోపలికి వెళ్ళి పరీక్షను రద్దు చేశాడు. నాలుగుకి రెండు నిమిషాలు తక్కువ. తర్వాత లాప్‌టాప్‌ను ఆమె వైపు తిప్పి, "రాయమ్మా. ఉన్నదున్నట్టు రాసెయ్" అన్నాడు.

ఆమె నిలబడే రాసింది. 'మీ పాత బటన్ ఇప్పటికే పనిచేయడం ఆగిపోయి ఉండవచ్చు. ఇప్పుడే ఒకసారి నొక్కి చూడండి. నిమిషంలో మా గొంతు వినిపించకపోతే, ఈ నంబరుకి ఫోన్ చేయండి.' పైవాళ్ళలో ఒకాయన 'ఉండవచ్చు' తీసేద్దామా అని నసిగితే మేనేజర్ ఆయన వైపు చూడకుండానే, "ఉండనివ్వండి సార్, నిజం అంతవరకే మనకి తెలుసు" అన్నాడు. ఉత్తరం అందరికీ వెళ్ళింది. సంకేతం రాని బటన్లవాళ్ళకి ఫోన్ చేసి, ఎత్తనివాళ్ళ ఇళ్ళకి మనుషుల్ని పంపడానికి జాబితా తీయమని కూడా ఆయనే చెప్పాడు.

ఆ జాబితా తీస్తున్నప్పుడు చూసింది ఆమె. మాస్టారుగారి పేట పక్కనే పెద్దమ్మ వాళ్ళ వీధి. ఫోన్ పట్టుకుని కాల్ రూమ్‌కి పరిగెత్తి, సూపర్‌వైజర్ అక్క కుర్చీ వెనకాల నిలబడి పెద్దమ్మకి ఫోన్ చేసింది.

"పెద్దమ్మా, నీ బటన్ ఒకసారి నొక్కు."

"ఊరికే నొక్కకూడదని నువ్వేగా చెప్పావు?"

"ఫర్వాలేదు, నొక్కు."

"నొక్కాను. ఇదిగో, లైటు వెలిగింది."

అక్క తెర వైపే చూస్తోంది. నిమిషం గడిచింది. తెర మీద ఏమీ రాలేదు. అక్క తల అడ్డంగా ఊపింది.

"పెద్దమ్మా, అది పనిచేయట్లేదు. మాకు ఫోన్ రాలేదు. నేనే వస్తున్నా, కొత్తది తెస్తా. నేనొచ్చేదాకా కుర్చీలోంచి లేవకు."

"అట్లాగా!" అంది పెద్దమ్మ. "పోయిన శుక్రవారం రాత్రి స్నానాల గదిలో జారిపడ్డానే. రెండుసార్లు నొక్కాను. ఎవరూ పలకలేదు. పాపం మీవాళ్ళకి పని ఎక్కువగా ఉందేమో, మాటిమాటికీ విసిగిస్తే నీకు ఆఫీసులో మాటొస్తుందని మళ్ళీ నొక్కలేదు. తెల్లారేసరికి నేనే మెల్లగా లేచానులే."